పచ్చపొగ కనిపిస్తుంది, నైట్రస్ ఆక్సైడ్ కనిపించదు: కాలుష్య నియంత్రణ మండళ్లకు బహిరంగ లేఖ

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర మండళ్లకు,

నమస్కారం. నేను నైట్రిక్ యాసిడ్ ప్లాంట్లలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేసి రిటైరైన కెమికల్ ఇంజినీరుని. ఈ ప్లాంట్ల మీద మీకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరుగుతాయి: చిమ్నీ నుంచి పసుపుపచ్చగానో, ఎర్రగానో పొగ వచ్చింది. మీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పొగ ఉండదు. మీటరు చూస్తే అంకె హద్దులోనే ఉంటుంది. ఊరివాళ్లు మండలిని అనుమానిస్తారు, మండలి ప్లాంటుని అనుమానిస్తుంది. నిజానికి ఆ పొగ ఎందుకు వస్తుందో, పొగ లేని రోజు అదే చిమ్నీ నుంచి ఏం పోతుందో తెలుసుకోకుండా ఈ తగవు తేలదు. ఈ లేఖ అందుకే రాస్తున్నాను. చివర్లో రెండు కోరికలున్నాయి.

ముందు ఒక సందేహం తీర్చాలి: రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ పొగా ఇదేనా? కాదు. రామగుండంలో ఉన్నది యూరియా ప్లాంటు. యూరియాకి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ చాలు, నైట్రిక్ యాసిడ్ అక్కర్లేదు. ఆ యాసిడ్‌లో ఎక్కువ భాగం అమ్మోనియం నైట్రేట్ తయారీకి పోతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాయిని పేల్చే మందులకు మూలం ఆ నైట్రేటే. కొంత రంగుల పరిశ్రమకి, మందుల పరిశ్రమకి వెళ్తుంది. కాబట్టి ఎరువుల ఫ్యాక్టరీ పొగ అంతా ఒకటే అనుకుని వాదించడం దండగ.

ప్లాంటులో జరిగేది చెప్పుకోవడానికి రోజుకి 300 టన్నుల ప్లాంటు ఒకటి తీసుకుందాం. ఇక్కడ టన్ను అంటే నీళ్లు తీసేసి లెక్కకట్టిన నూరు శాతం యాసిడ్. దీనికి రోజుకి దాదాపు 86 టన్నుల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాని ఆవిరి చేసి గాలిలో 10 శాతం చొప్పున కలుపుతారు. ఎక్కువ కలపడానికి భయం: ఇంకొన్ని శాతాలు పెరిగితే ఆ మిశ్రమం పేలే హద్దులోకి వెళ్తుంది. అందుకే 12 శాతం దరిదాపుల్లోకి వస్తే చాలు, అమ్మోనియా వాల్వు దానంతటదే మూసుకుపోయేలా ట్రిప్ పెడతారు.

ఆ మిశ్రమం బర్నర్‌లోకి దిగి, అడ్డంగా పరచిన ప్లాటినం జాలీల గుండా పోతుంది. ప్లాంటులో అందరూ దీన్ని గాజ్ అంటారు. ప్లాటినంలో 5 నుంచి 10 శాతం రోడియం కలిపి, వెంట్రుక మందం తీగ లాగి, దాన్ని నేసో అల్లో చేసిన గుడ్డ ఇది. ఇలాంటివి కొన్ని పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తారు. గ్యాస్ ఈ పొరల్ని దాటడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు. ఆ లిప్తకాలంలో అమ్మోనియా నైట్రిక్ ఆక్సైడ్‌గా, అంటే NO గా మారాలి. ఇంకాస్త సేపు ఆగితే అది నైట్రోజన్‌గా విడిపోతుంది, పెట్టిన డబ్బు గాలిలో కలుస్తుంది.

4NH₃ + 5O₂ → 4NO + 6H₂O

వేడి లెక్క తేలికే. మిశ్రమంలో ప్రతి ఒక్క శాతం అమ్మోనియాకి గ్యాస్ వేడి సుమారు 70 డిగ్రీలు పెరుగుతుంది. 180 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చిన మిశ్రమంలో 10.2 శాతం అమ్మోనియా ఉంటే, గాజ్ దగ్గర 890 పైచిలుకు ఉండాలి. అమ్మోనియా శాతం తగ్గించకపోయినా ఆ వేడి 870కి జారితే, ఫ్లో మీటరైనా తప్పు చూపిస్తూ ఉండాలి, గాజ్ మీద మార్పు సరిగ్గా జరగకుండానైనా ఉండాలి. షిఫ్టులో మేం మొదట చూసే అంకె ఇదే.

కొత్త గాజ్ వెండిలా మెరుస్తూ నున్నగా ఉంటుంది. కొన్ని నెలలు నడిచాక బయటికి తీసి భూతద్దం కింద పెడితే, ప్రతి తీగ మీదా క్యాలీఫ్లవర్ పువ్వులు పూసినట్టు ఉంటుంది. మొదట్లో ఇది మేలే, పని చేసే ఉపరితలం పెరుగుతుంది. కానీ అదే సమయంలో ప్లాటినం కొంచెం కొంచెంగా ఆవిరి ఆక్సైడై గ్యాస్‌తో కొట్టుకుపోతుంది. మధ్యరకం ప్రెషరు మీద నడిచే బర్నర్‌లో టన్ను యాసిడ్‌కి పదో వంతు గ్రాము, కాస్త అటూ ఇటూ. ఎక్కువ ప్రెషరు మీద అంతకు రెట్టింపు దాటుతుంది. గాజ్ కింద పల్లేడియం జాలీ ఒకటి పరిచి అందులో చాలా వరకు తిరిగి పట్టుకుంటారు. మిగతాది ప్లాంటు పైపుల్లో బురదగా చేరుతుంది. పాత ప్లాంటు కూల్చేటప్పుడు ఆ బురద కోసం వేలం పాటలు జరిగేది ఇందుకే.

ప్లాటినం తగ్గుతున్నకొద్దీ తీగ మీద రోడియం ఆక్సైడ్ పేరుకుంటుంది. పైపుల నుంచి కొట్టుకొచ్చిన తుప్పు రేణువులు గాజ్ మీద వాలినచోట, అమ్మోనియా NO గా కాక నైట్రోజన్‌గా మారిపోతుంది. 96 శాతం ఉండాల్సిన మార్పిడి 93కి దిగుతుంది. మార్పిడి పడిపోవడం యాజమాన్యానికి అమ్మోనియా ఖర్చుగా కనిపిస్తుంది. మీకు కనిపించాల్సింది వేరే ఒకటి ఉంది, దాన్ని తర్వాత చెప్తాను. గాజ్ ఎక్కడైనా చిరిగితే, మారకుండా జారిన అమ్మోనియా కిందున్న కూలర్లలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి అమ్మోనియం నైట్రైట్, నైట్రేట్ ఉప్పులుగా గడ్డకడుతుంది. అవి పేలగల ఉప్పులు. అందుకే అక్కడ దిగే నీటిలో, అంటే కండెన్సేట్‌లో, అమ్మోనియం ఉందా అని రోజూ ల్యాబ్‌లో చూస్తారు, చూడాలి కూడా.

బర్నర్ తర్వాత ఆ గ్యాస్, బాయిలర్‌లో ఆవిరి పుట్టించి, చిమ్నీకి వెళ్లే గ్యాస్‌ని వేడి చేసి, కూలర్లలో చల్లబడుతుంది. చల్లబడుతున్నప్పుడు NO మిగిలిన ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి NO₂ అవుతుంది. ఈ చర్యకి ఒక విచిత్రమైన గుణముంది. మామూలుగా వేడి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుంది, ఇది మాత్రం చల్లబడితే వేగం పుంజుకుంటుంది. ప్రెషరు పెరిగితే ఇంకా బాగా జరుగుతుంది. ఈ NO₂ ని నీళ్లలో కలిపి యాసిడ్ చేసే అబ్సార్ప్షన్ టవర్ అంత పొడుగ్గా ఉండడానికి కారణం ఇదే. యాసిడ్ తయారవ్వడం త్వరగానే అయిపోతుంది. NO మళ్లీ NO₂ అయ్యేదాకా ఆగడానికే ఎక్కువ చోటు కావాలి.

3NO₂ + H₂O → 2HNO₃ + NO

మూడింట ఒకటి మళ్లీ NO గా వెనక్కి వస్తోంది, చూశారా? ఆ ఒకటి, టవర్‌లో అంతస్తుల్లా ఉండే ప్లేట్లలో, పై ప్లేటుకి వెళ్లేలోగా ఆక్సిజన్‌తో కలవాలి, కలిసి మళ్లీ నీళ్లలో కరగాలి, అక్కడా మళ్లీ మూడో వంతు తప్పించుకుంటుంది. పైకి పోయేకొద్దీ గ్యాస్ పలచబడి ఈ పని నెమ్మదిస్తుంది కాబట్టి ప్లేట్ల మధ్య దూరం కూడా పెంచుతారు. నీళ్లు పై ప్లేటు మీద పడతాయి, 60 శాతం యాసిడ్ అడుగున దిగుతుంది. ప్లేట్ల మీద కూలింగ్ కాయిల్స్ ఉంటాయి. మన దగ్గర మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లు 33, 34 డిగ్రీలకి చేరతాయి. ఆ నెలలో చిమ్నీ అంకె పెరగడానికి ఆపరేటర్ల నిర్లక్ష్యమే కారణమనుకోకండి. మెరుగైన ప్లాంట్లు ద్రవ అమ్మోనియా ఆవిరయ్యేటప్పుడు పుట్టే చల్లదనంతో పై ప్లేట్ల నీటిని చల్లబరుస్తాయి. బర్నర్‌కి ఎలాగూ అమ్మోనియా ఆవిరి కావాలి కదా, ఆ చల్లదనం ఉచితం.

(టవర్ గురించి ఇంకో మాట. నీళ్లలో కొద్దిగా క్లోరైడ్ ఉన్నా అది అడుగుకి దిగలేదు, పైకి పోలేదు. అడుగున ఘాటు యాసిడ్ దాన్ని గ్యాస్‌గా పైకి తరిమేస్తుంది, పైన పలచని యాసిడ్ మళ్లీ పట్టుకుంటుంది. మధ్య ప్లేట్ల మీద పోగై స్టెయిన్‌లెస్ స్టీలుని తినేస్తుంది. మధ్య ప్లేట్ల నుంచి శాంపిల్ తీసి చూసే అలవాటు లేని ప్లాంటులో టవర్‌కి చిల్లులు పడతాయి.)

టవర్ పైనుంచి వచ్చేదే టెయిల్ గ్యాస్. మన 300 టన్నుల ప్లాంటులో ఇది గంటకి 40 వేల ఘనమీటర్లు. ఎక్కువ భాగం నైట్రోజన్, రెండు మూడు శాతం ఆక్సిజన్, పట్టుబడని NO, NO₂. దీన్ని వేడి చేసి టర్బైన్‌లో వదిలి కరెంటు, గాలి కంప్రెసర్ ఖర్చు తిరిగి రాబట్టుకుంటారు. చిమ్నీకి పోయే ముందు ఎస్‌సీఆర్ అనే రియాక్టర్ ఉంటే, అందులో కాస్త అమ్మోనియా కలిపి వనేడియం, టైటానియం ఆక్సైడ్ల క్యాటలిస్టు మీద పంపుతారు. NO, NO₂ రెండూ నైట్రోజన్‌గా, నీటిగా విడిపోతాయి. టవర్ పై నుంచి వెయ్యి పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు, వచ్చినా చిమ్నీలో వందలోపు దించగలరు.

ఇప్పుడు ఆ పచ్చపొగ దగ్గరికి వద్దాం. NO కి రంగు లేదు, రంగంతా NO₂ దే. రోజూ నడిచేటప్పుడు ఎస్‌సీఆర్ దాన్ని దించేస్తుంది. కానీ ఆగిన ప్లాంటుని మళ్లీ మొదలుపెట్టే స్టార్టప్‌లో ఎస్‌సీఆర్ పనిచేయదు. గాజ్‌ని హైడ్రోజన్ మంటతో వెలిగించి అమ్మోనియా వదిలిన నిమిషాల్లోనే నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. టెయిల్ గ్యాస్ మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని వేడి చేసేది బర్నర్ నుంచి వచ్చే గ్యాసే. దాదాపు 200 డిగ్రీల లోపు అమ్మోనియా కలిపితే అమ్మోనియం నైట్రేట్ గడ్డకట్టి టర్బైన్ రెక్కల మీద పడుతుంది. ఆ ప్రమాదానికి భయపడి ఎవరూ తొందరపడరు, పడకూడదు. కాబట్టి గ్యాస్ వేడెక్కేదాకా పొగ వస్తుంది. ట్రిప్ అయినప్పుడు టవర్‌లో ప్రెషరు వదిలితే, యాసిడ్‌లో కరిగి ఉన్న NO₂ బుసబుసమని బయటికి వచ్చి మళ్లీ అదే దృశ్యం.

ఎంత పోతుందో లెక్కకట్టండి. గంటకి 40 వేల ఘనమీటర్ల గ్యాస్‌లో 2,000 పీపీఎం ఉందనుకుంటే, అరగంటకి సుమారు 80 కిలోల నైట్రోజన్ ఆక్సైడ్లు. చుట్టుపక్కల ఇళ్లకి, ఆ సమయంలో పీల్చేవాళ్లకి ఇది నిజమైన బాధ. NO₂ ఊపిరితిత్తుల్లో నీరు చేర్చే గ్యాస్, లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. తేలిగ్గా తీసిపారేయమని నేననడం లేదు. దీన్ని తగ్గించే మార్గాలున్నాయి: టవర్ ప్లేట్లని ముందే చల్లని యాసిడ్‌తో నింపడం, అమ్మోనియా వదలకముందే ప్రెషరు తీసుకురావడం, టెయిల్ గ్యాస్‌ని వేడి చేయడానికి విడిగా స్టీమ్ హీటర్ పెట్టడం. ఆ హీటరు ఖర్చుకి వెనకాడే ప్లాంటుని నిలదీయడం మీ చేతుల్లోనే ఉంది.

ఇక పొగ లేని రోజు. ఆకాశం నీలంగా ఉంది, మీటరు సరిగ్గా ఉంది. ఆ రోజు కూడా ఈ చిమ్నీ నుంచి N₂O, అంటే నైట్రస్ ఆక్సైడ్ పోతుంది. గాజ్ మీద పక్కదారి పట్టిన అమ్మోనియాలో ఒక భాగం ఇలా అవుతుంది. దీనికి రంగు లేదు, నీళ్లలో పెద్దగా కరగదు, అందుకే టవర్ దీన్ని పట్టదు. మామూలు ఎస్‌సీఆర్ దీన్ని ముట్టుకోదు. మీరు ఆన్‌లైన్ మీటర్లలో వాడే కెమిల్యూమినిసెన్స్ పద్ధతికి ఈ గ్యాస్ అసలు కనిపించదు. అది NO ని, NO₂ ని మాత్రమే లెక్కేస్తుంది, N₂O ఉన్నా సున్నాయే చూపిస్తుంది.

ఎంతుంటుంది? ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో మధ్యరకం ప్రెషరు ప్లాంటుకి, ఎలాంటి నివారణా లేకపోతే, టన్ను యాసిడ్‌కి 7 కిలోలు అని ఉంది. ఎక్కువ ప్రెషరుకి 9. మన ప్లాంటు రోజుకి 2,100 కిలోలు వదులుతుందన్నమాట. స్టార్టప్‌లో ఊరంతా గగ్గోలు పెట్టిన 80 కిలోల పక్కన ఈ 2,100 పెట్టి చూడండి. ఏడాదికి 330 రోజులు నడిస్తే 690 టన్నులు. వందేళ్ల లెక్కలో ఒక టన్ను N₂O భూమిని వేడెక్కించడంలో 273 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కాబట్టి ఈ ఒక్క చిమ్నీ ఏటా లక్షా తొంభై వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. ఊరివాళ్లకి దీనివల్ల దగ్గు రాదు, కళ్లు మండవు. ఫిర్యాదు రాదు. అందుకే ఎవరూ అడగలేదు.

ఇక్కడే గాజ్ గురించి ఇందాక దాచిపెట్టిన మాట చెప్పాలి. గాజ్ ముసలిదయ్యేకొద్దీ N₂O పెరుగుతుంది. రోడియం, ప్లాటినం ధరలు ఎగిరినప్పుడు, 2021లో రోడియం ధర ఆకాశాన్నంటినట్టు, గాజ్‌ని ఇంకొన్ని వారాలు లాగుదామనిపించడం మామూలే. కొత్త గాజ్ వేసిన వారంలో మీరు వచ్చి శాంపిల్ తీసుకుంటే వచ్చే అంకె, ఆ ఏడాది మొత్తానికి ప్రతినిధి కాదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. గాజ్ కింద, ఆ 850, 900 డిగ్రీల వేడిలోనే, గాజ్‌ని మోసే బుట్టలో ఇంతకుముందు సిరామిక్ రింగులు ఉన్నచోట N₂O ని విడగొట్టే క్యాటలిస్టు గుళికలు పోస్తారు. దీన్ని సెకండరీ క్యాటలిస్టు అంటారు. పెద్దగా మార్పులు అక్కర్లేదు, గాజ్ మార్చే షట్‌డౌన్‌లోనే పెట్టేయొచ్చు. బుట్ట లోతు సరిపోతే 80 శాతం తగ్గుతుంది. ఇంకా ఎక్కువ కావాలంటే టెయిల్ గ్యాస్ మీద ఇనుము ఉన్న జియోలైట్ క్యాటలిస్టు పెట్టే పద్ధతి ఉంది. 2003లో ఆస్ట్రియాలోని లింజ్‌లో అలాంటిది మొదలైంది, 98 శాతం దాకా తొలగిస్తుంది. కానీ దానికి టెయిల్ గ్యాస్ 400 డిగ్రీలు దాటి ఉండాలి. పాత ప్లాంట్లలో అంత వేడి దొరకదు. అక్కడ మామూలుగా మిగిలేది సెకండరీ దారే, అదీ బుట్ట లోతు, ప్రెషరు తగ్గుదల అనుమతించినంతే.

యూరోపియన్ యూనియన్ 2013 నుంచి నైట్రిక్ యాసిడ్ ప్లాంట్ల N₂O ని కార్బన్ మార్కెట్‌లోకి తెచ్చింది. మన దగ్గరా క్యోటో ఒప్పందం కాలంలో కొన్ని ప్లాంట్లు, సీడీఎం అనే కార్బన్ క్రెడిట్ పథకం కింద ఈ క్యాటలిస్టు పెట్టాయి. అప్పుడు కార్బన్ క్రెడిట్ డబ్బు వచ్చింది కాబట్టి పెట్టాయి. క్రెడిట్ ధర కుప్పకూలాక, పెట్టమని చెప్పే నియమం లేనప్పుడు గుళికలు మార్చడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ ఖాళీ పూడ్చడానికే 2015లో పారిస్ సదస్సు దగ్గర జర్మనీ ఒక అంతర్జాతీయ బృందాన్ని కూడగట్టింది.

పర్యావరణ పరిరక్షణ నియమాల్లో, 1986లో వచ్చిన ఆ నియమాల షెడ్యూల్‌లో, నైట్రిక్ యాసిడ్‌కి మొదట పెట్టిన వరుస చూడండి: టన్ను పలచని యాసిడ్‌కి నైట్రోజన్ ఆక్సైడ్లు 3 కిలోలు. N₂O మాటే లేదు. అమెరికా 2012లో కొత్త ప్లాంట్లకి ఆ హద్దుని టన్నుకి దాదాపు పావు కిలోకి దించింది. అంతకంటే నాకు నచ్చింది ఇంకోటి: అది 30 రోజుల సగటు, స్టార్టప్‌నీ, షట్‌డౌన్‌నీ కలుపుకున్న సగటు. పచ్చపొగ నిమిషాలు లెక్కలోకి వస్తాయి. వాటిని వదిలేసే సగటులో ఏ ప్లాంటైనా మంచి ప్లాంటే. ఇంకో సౌకర్యం, పీపీఎం కాకుండా టన్నుకి కిలోలు అన్న కొలమానం. గాలి కలిపితే పీపీఎం తగ్గుతుంది, కిలోలు తగ్గవు.

నా మొదటి కోరిక ఇదీ. ఎరువుల పరిశ్రమతో సహా 17 రకాల పరిశ్రమలకి 2014లో ఆన్‌లైన్ మీటర్లు పెట్టమని కేంద్ర మండలి ఆదేశించింది. నైట్రిక్ యాసిడ్ చిమ్నీల మీద ఆ మీటరుకి తోడుగా ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో N₂O మీటరు, గ్యాస్ ఫ్లో మీటరు పెట్టించండి. రెండింటినీ గుణించి, ఆ రోజు యాసిడ్ టన్నులతో భాగించిన అంకెని చూపించమనండి. స్టార్టప్ గంటల్ని తొలగించకుండా.

రెండోది, గాజ్ పుస్తకం. ప్రతి ప్లాంటులో ఏ గాజ్ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు, ఎంత బరువు తగ్గింది అన్న రిజిస్టరు ఎలాగూ ఉంటుంది, ప్లాటినం లెక్క తప్పితే ఆడిటర్లు ఊరుకోరు. అందులోంచి తేదీలు మాత్రం మీ అనుమతి పత్రం, అంటే సీఎఫ్‌ఓ రెన్యువల్ దరఖాస్తుకి జత చేయమనండి. N₂O గ్రాఫు మీద ఆ తేదీలు పెడితే, ఏ గాజ్‌ని అరిగేదాకా లాగుతున్నారో మీ ఆఫీసులో కూర్చునే తెలుస్తుంది.

చిన్న ప్లాంట్లు ఖర్చు మోయలేవని వాదన వస్తుంది. మీటరు ఖర్చు సంగతి నిజమే, రోజుకి 50 టన్నుల ప్లాంటుకి అది బరువే. వాటికి నెలకొకసారి, గాజ్ చివరి వారాల్లో తప్పనిసరిగా ఒకసారి, శాంపిల్ తీసి ల్యాబ్‌లో చూస్తే సరిపోతుంది. పెద్ద ప్లాంట్లకి ఈ మినహాయింపు అక్కర్లేదు. క్యాటలిస్టు ఖర్చు ఒకపక్క, లక్షన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన తగ్గుదల ఇంకోపక్క పెట్టి, మీ సాంకేతిక కమిటీ లెక్క కట్టనివ్వండి. ఆ కమిటీ ముందు నిలబడి మాట్లాడమన్నా వస్తాను.

ఇట్లు,
నైట్రిక్ యాసిడ్ ప్లాంట్లలో పనిచేసిన ఒక రిటైర్డ్ కెమికల్ ఇంజినీరు